వేలు ఆగిపోయే చోట

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పోస్టులో వరసగా కొన్ని బొమ్మలు ఉంటాయి. వేలితో పక్కకి జరుపుతుంటే ఒక్కొక్కటే వస్తుంది. దాన్నే క్యారసెల్ అంటున్నారు. 2017లో ఈ సౌకర్యం వచ్చినప్పుడు ఒక పోస్టులో 10 బొమ్మల దాకా పెట్టనిచ్చేవాళ్లు, 2024లో దాన్ని 20కి పెంచారు. వంటలు చెప్పేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, చీరలు అమ్మేవాళ్లు అందరూ దీన్ని పట్టుకున్నారు. వీడియో తీయాలంటే గొంతు కావాలి, వెలుతురు కావాలి, ఎడిటింగ్ రావాలి. దీనికి ఫోన్‌లో ఒక డిజైన్ యాప్ ఉంటే సరిపోతుంది. అందుకే చేసేవాళ్లు ఎక్కువ, చేసినవాటిలో చివరిదాకా ఎవరూ జరపనివి కూడా ఎక్కువే.

ఈ మధ్య డిజైన్ నేర్పేవాళ్లు ఒక మంచి పద్ధతి పాటిస్తున్నారు. కొత్తవాళ్లు చేసే క్యారసెల్‌ని తీసుకుని, దాని మీద ఇంకో క్యారసెల్ చేస్తారు. ఒక స్లైడ్‌లో తప్పు ఇదీ అని పేరు పెట్టి చూపిస్తారు, పక్కకి జరిపితే అదే స్లైడ్ సరిచేసి ఉంటుంది. సలహాల చిట్టా చదివినప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి గానీ మన పోస్టు దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ గుర్తుకు రాదు. కళ్లెదురుగా ఒక స్లైడ్ మారడం చూస్తే మాత్రం పట్టుబడుతుంది. అలాంటి పరిశీలన ఒకటి ఇక్కడ చేద్దాం. ఉదాహరణ కోసం ఒక షాపుని కల్పించుకుంటున్నాను, అందులోని తప్పులు మాత్రం రోజూ కనబడేవే.

విజయవాడలో ఒక ఆవిడ జాకెట్లు కుడతారు అనుకుందాం. డాలస్ నుంచీ, బెంగళూరు నుంచీ ఆర్డర్లు వస్తున్నాయి. వాళ్లు ఆది జాకెట్టు పంపలేరు, కొలతలు ఫోన్‌లో పంపుతారు. అవి తప్పుగా వస్తున్నాయి, కుట్టినవి విప్పాల్సి వస్తోంది. అందుకని కొలతలు ఎలా తీసుకోవాలో చెబుతూ ఆవిడ ఒక క్యారసెల్ చేశారు. మొత్తం ఐదు స్లైడ్లు. మొదటిదాంట్లో బంతిపూవు పసుపు రంగు మీద తెల్ల అక్షరాలతో ‘నమస్కారం! మా బొటిక్‌కి స్వాగతం’, పైన షాపు లోగో, నాలుగు వైపులా పూల అంచు. రెండోదాంట్లో కొలతలు సరిగ్గా ఉండటం ఎంత అవసరమో ఒక పేరా. మూడోదాంట్లో పట్టుచీర ఫోటో మీద తొమ్మిది కొలతలూ ఒకేచోట, సన్నటి అక్షరాలతో. నాలుగోది టేపు ఫోటో, అడ్డంగా తీసింది. ఐదోదాంట్లో లైక్ చేయండి, షేర్ చేయండి, ఫాలో అవండి, వాట్సాప్ నంబరు, అడ్రసు, పండగ ఆఫరు, చివర ధన్యవాదాలు.

ఇందులో విషయం తప్పేమీ లేదు. ఆవిడకి కొలతలు తెలిసినంతగా ఏ డిజైనర్‌కీ తెలియవు. చిక్కల్లా ఒక్కటే. ఆవిడ ఒక కరపత్రం రాసుకుని దాన్ని ఐదు ముక్కలు చేశారు. కరపత్రం చేతికొచ్చినవాడికి మొత్తం ఒకేసారి కనబడుతుంది. ఇక్కడ ఒక్క ముక్కే కనబడుతుంది, తర్వాతి ముక్క చూడాలో వద్దో చదివేవాళ్లు ప్రతిసారీ కొత్తగా నిర్ణయించుకుంటారు. మొదటి ముక్కలో స్వాగతం తప్ప ఏమీ లేకపోతే డాలస్‌లో ఉన్నావిడ వేలు పైకే పోతుంది, పక్కకి రాదు.

కాబట్టి పరిశీలనలో మొదటి తప్పుకి పేరు ‘గుమ్మం దగ్గరే మర్యాదలు’ అని పెట్టుకోవచ్చు. షాపు పేరు పోస్టు పైన అకౌంటు పేరుగా ఎలాగూ ఉంటుంది, మళ్లీ లోగో పెట్టినందువల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. సరిచేసిన స్లైడ్‌లో స్వాగతం తీసేసి, ఆ చోట ‘ఆది జాకెట్టు పంపలేరా? ఈ 9 కొలతలు చాలు’ అని పెద్దగా రాస్తాం. కింద పరిచిన జాకెట్టు మీద టేపు ఉన్న ఫోటో ఒకటి. ఇది ఎవరి కోసమో, లోపల ఏముందో, ఎంత ఉందో మూడూ ఆ ఒక్క వాక్యంలో వచ్చేశాయి. ఆది జాకెట్టు అన్న మాట ఇక్కడ బాగా పనిచేస్తుంది. కుట్టించుకునే అలవాటున్నవాళ్లు ఆ మాట దగ్గర ఆగుతారు. మిగతావాళ్లు ఆగకపోయినా ఆవిడకి వచ్చే నష్టం లేదు.

పూల అంచు సంగతి వేరు. స్లైడ్ కొలత 1080 చుక్కల వెడల్పు, 1350 ఎత్తు. స్క్రీన్ మీద పోస్టుగా చూసేటప్పుడు మొత్తం కనబడుతుంది. కానీ 2025 మొదట్లో ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ పేజీలోని గళ్లను చతురస్రం నుంచి కొంచెం నిలువుగా, మూడుకి నాలుగు నిష్పత్తిలోకి మార్చింది. మన స్లైడ్ ఆ గడిలో కూర్చోవాలంటే అటూ ఇటూ దాదాపు 34 చుక్కల చొప్పున తెగుతుంది. అంచు అక్కడే ఉంది కాబట్టి సగం పూలతో వికారంగా కనబడుతుంది. అంచు తీసేసి, అక్షరాలన్నీ ఇరువైపులా 80, 90 చుక్కలు వదిలి లోపలికి జరిపితే ఏ గడిలోనూ ఏదీ తెగదు. పై కుడి మూలని కూడా ఖాళీగా వదలాలి, పోస్టు తెరుచుకోగానే ఎన్నో స్లైడో చెప్పే అంకె కాసేపు అక్కడే కనబడుతుంది.

రెండో స్లైడ్‌ని చాలామంది ముందుమాటగా వాడతారు. అది మంచి చోటుని వృథా చేసుకోవడం. మొదటి స్లైడ్ చూసి పక్కకి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టుని తర్వాత ఎప్పుడైనా రెండో స్లైడ్‌తో మొదలుపెట్టి చూపించవచ్చు. ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి ఈ విషయం బయటే చెప్పారు. అంటే కొందరికి రెండో స్లైడే మొదటిది. అక్కడ ‘కొలతలు సరిగ్గా ఉంటేనే జాకెట్టు అందంగా అమరుతుంది’ అని రాస్తే ఆ రెండో అవకాశం కూడా పోయినట్టే. జాకెట్టు అమరాలని తెలియనివాళ్లెవరు? సరిచేసేటప్పుడు ఆ పేరా మొత్తం తీసేసి నేరుగా మొదటి కొలతతో మొదలుపెడతాం. పైన చిన్నగా ‘జాకెట్టు కొలతలు’ అని ఒక వరస ప్రతి స్లైడ్ మీదా ఒకేచోట ఉంటుంది. మధ్యలోంచి వచ్చినవాళ్లకి కూడా ఎక్కడున్నారో తెలుస్తుంది.

మూడో స్లైడ్ అసలు గుండెకాయ, తప్పులు కూడా ఎక్కువ అక్కడే ఉన్నాయి. తొమ్మిది కొలతలు ఒకే బొమ్మలో ఇరికించారు. పొడవు, ఛాతీ, నడుము, షోల్డర్, చంక, ముందు మెడ, వెనక మెడ, చెయ్యి పొడవు, చెయ్యి లూజు. ఛాతీ గురించి అక్కడున్నది ఇది: ‘ఛాతీ కొలత తీసుకునేటప్పుడు టేపును చంకల కింద నుంచి వీపు మీదుగా తిప్పి వెడల్పు ఎక్కువగా ఉన్న చోట మరీ బిగుతుగా గానీ మరీ వదులుగా గానీ లేకుండా చూసుకుని కొలవవలసి ఉంటుంది.’ చదివేటప్పటికి టేపు చేతిలోంచి జారిపోతుంది.

స్లైడ్‌కి ఒక్క విషయమే పెట్టాలని అందరూ చెబుతారు. దాన్ని అక్షరాలా పట్టుకుని తొమ్మిది కొలతలకి తొమ్మిది స్లైడ్లు చేయాల్సిన పనిలేదు. ఒక బొమ్మలో కలిపి చూపించగలిగింది ఒక విషయం అనుకోవాలి. ముందు మెడ, వెనక మెడ ఒకే బొమ్మలో వస్తాయి. చెయ్యి పొడవు, చెయ్యి లూజు కూడా అంతే. మిగతా ఐదూ విడివిడిగా ఉంచితే ఏడు స్లైడ్లు, ముందూ వెనకా ఒక్కొక్కటి కలిపితే మొత్తం తొమ్మిది. ఐదు స్లైడ్లు తొమ్మిదయ్యాయే, జనం విసుక్కోరా అని ఆవిడ అడగవచ్చు. అర్థమైతే నాలుగు క్షణాల్లో ఒక స్లైడ్ దాటుతారు. కిక్కిరిసిన స్లైడ్ దగ్గర మాత్రం అక్కడే ఆగి వెనక్కి పోతారు.

ఛాతీ స్లైడ్ సరిచేశాక ఇలా ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో ‘2. ఛాతీ’. మధ్యలో వీపు వైపు నుంచి గీసిన బొమ్మ, దాని మీద టేపు వెళ్లే దారి ఎర్ర గీతగా. కింద రెండు చిన్న వాక్యాలు: ‘టేపు చంకల కిందుగా, నేలకి సమాంతరంగా తిప్పండి. లోపల ఒక వేలు దూరాలి.’ అన్నిటికన్నా కింద ఒక డబ్బాలో ‘ఇలా రాసి పంపండి: ఛాతీ చుట్టూ 36 అంగుళాలు.’

ఆ డబ్బా పాత పోస్టులో లేదు. స్లైడ్‌లో చోటు దొరికాకే అది రావాలని తోచింది. కొందరు టేపుని ఒంటి చుట్టూ తిప్పి 36 అని పంపుతారు, కొందరు బీరువాలోని జాకెట్టుని మంచం మీద పరిచి ఒకవైపు కొలిచి 18 అని పంపుతారు. టైలర్‌కి 18 చూడగానే సగమని అర్థమవుతుంది. కానీ ఒంటి మీద తీసిన కొలతకీ, జాకెట్టు మీద తీసిన కొలతకీ మధ్య కుట్టులో వదిలిన లూజు తేడా ఉంటుంది. జాకెట్టు కొలతకి మళ్లీ లూజు కలిపితే వదులవుతుంది. అందుకే ‘చుట్టూ’ అన్న మాటా, ఒంటి మీద తీసినదా జాకెట్టు మీదా అన్న గుర్తూ డబ్బాలో ఉండి తీరాలి. విప్పి కుట్టాల్సి రావడానికి అసలు కారణం ఇదే అయివుంటుంది, పాత స్లైడ్‌లో దాని ఊసే లేదు.

ఇక రంగులు. పసుపు మీద తెలుపు మన పెళ్లి మండపాల్లో బాగుంటుంది, ఫోన్‌లో చదవడానికి పనికిరాదు. రెండు రంగుల మధ్య వెలుగు తేడాని అంకెల్లో కొలిచే పద్ధతి ఉంది. వెబ్ పేజీలు చూపు తక్కువున్నవాళ్లకి కూడా అందేలా అంతర్జాతీయంగా రాసుకున్న నియమాలు మామూలు అక్షరాలకి ఆ నిష్పత్తి కనీసం 4.5 ఉండాలంటాయి, పెద్ద అక్షరాలకి 3. బంతిపూవు పసుపు మీద తెలుపు పెడితే 1.6 దగ్గర ఆగుతుంది. అదే పసుపు మీద ముదురు కాఫీపొడి రంగు అక్షరాలు పెడితే దాదాపు 7 వస్తుంది. షాపు రంగు మార్చక్కర్లేదు, అక్షరం రంగు మారిస్తే చాలు. అంకెలు అక్కర్లేదనుకునేవాళ్లు ఫోన్ వెలుతురు బాగా తగ్గించి ఎండలో నిలబడి చూసుకోవచ్చు.

పట్టుచీర ఫోటో మీద అక్షరాలు వేయడం ఇంతకన్నా మొండి తప్పు. జరీ ఉన్నచోట వెలుగు, మడతల్లో చీకటి, అక్షరం ఒకే రంగులో ఉన్నా సగం కనబడి సగం మాయమవుతుంది. దానికి విరుగుడుగా కొత్తవాళ్లు అక్షరాలకి నీడ, అంచు, మెరుపు ఒకదాని మీద ఒకటి తగిలిస్తారు. చీరని పక్కకి పెట్టి, అక్షరాల కింద ఒకే రంగు పట్టీ వేస్తే పని అయిపోతుంది.

తెలుగు అక్షరాల దగ్గర ఇంకొంచెం ఆగాలి. యాప్‌లలో దొరికే రెడీమేడ్ నమూనాలు దాదాపు అన్నీ ఇంగ్లీషుని చూసి చేసినవి. అందులో ఇంగ్లీషు తుడిచేసి తెలుగు టైపు చేస్తే మూడు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది వరసల మధ్య దూరం. ఇంగ్లీషు పెద్దక్షరాలకి కిందా పైనా ఏమీ ఉండదు, కాబట్టి వరసల్ని దగ్గరగా పేర్చి ఉంచుతారు. మనకి కింద వత్తులు, పైన గుడులు, ఏత్వాలు ఉన్నాయి. ‘షోల్డర్’లో ల కింది వత్తు కింది వరసలో ఉన్న ‘మీద’ గుడికి తగులుతుంది. ఆ రెండూ అతుక్కుంటే ఏ వత్తు ఏ అక్షరానిదో వెతుక్కోవాలి. వరస దూరాన్ని 1.5 దాకా పెంచితే విడిపోతాయి. రెండోది అక్షరాల మధ్య దూరం. నమూనాలో శీర్షికకి అక్షరాలు ఎడంగా పరిచి ఉంటాయి, తెలుగు దాంట్లోకి వెళ్లగానే మాటలు విరిగిపోతాయి. దాన్ని సున్నా చేయాలి.

మూడోది ఫాంటు. ఇంగ్లీషు ఫాంటు ఎంచుకుని తెలుగు టైపు చేస్తే ఆ ఫాంటులో మన అక్షరాలు ఉండవు కాబట్టి యాప్ చప్పుడు చేయకుండా వేరే ఫాంటు తెచ్చి పెడుతుంది. ఇంగ్లీషు మాట ఒకలా, పక్కనే తెలుగు మాట ఇంకోలా కనబడితే కారణం అదే. తెలుగు ఫాంటునే ఎంచుకోవాలి. అమెరికాలోని సిలికానాంధ్ర విడుదల చేసిన వాటిలో రామభద్ర శీర్షికలకి బాగుంటుంది, కానీ అది పుట్టుకతోనే లావు. అదే ఫాంటుని చిన్న సైజులో పేరాకి వాడితే సున్నాలూ, తలకట్టుల లోపలి ఖాళీలూ పూడిపోతాయి. పేరాకి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ హాయిగా ఉంటాయి. మండలి ఒకే మందంలో వస్తుంది, దానికి బోల్డ్ నొక్కితే యాప్ బలవంతంగా లావు చేస్తుంది, అది వద్దు. నోటోలో సన్నవీ లావువీ అసలువే ఉన్నాయి.

సైజు ఎంత ఉండాలన్నది కొంచెం లెక్క వేస్తే తేలుతుంది. మామూలు ఫోన్ స్క్రీన్ వెడల్పు ఏడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. 1080 చుక్కలు అందులో సర్దుకుంటే 16 చుక్కలు ఒక మిల్లీమీటరు. ఆవిడ మూడో స్లైడ్‌లో వాడిన 24 సైజు అంటే ఒకటిన్నర మిల్లీమీటరు, అందులోనే గుణింతం, వత్తు ఇమడాలి. కంప్యూటర్ మీద చేసినప్పుడు బాగానే కనిపించింది, ఎందుకంటే అక్కడ స్లైడ్ రెండింతలో మూడింతలో పెద్దగా ఉంది. 48 పెడితే మూడు మిల్లీమీటర్లు వస్తుంది. తెలుగుకి అంతకన్నా దిగకూడదని నా లెక్క. 48లో మాటలు పట్టట్లేదంటే ఆ స్లైడ్‌లో మాటలు ఎక్కువైనట్టే.

నాలుగో స్లైడ్ తప్పు చిన్నదే. మొదటి బొమ్మ నిలువుగా ఉంటే మామూలుగా మిగతావన్నీ అదే నిష్పత్తిలోకి వస్తాయి. అడ్డంగా తీసిన టేపు ఫోటోలో రెండు చివర్లూ తెగి మధ్య అంకెలు మాత్రం మిగిలాయి. ఎక్కడ మొదలైందో తెలియని టేపు ఎవరికి కావాలి? ఫోటో తీసేటప్పుడే ఫోన్ నిలువుగా పట్టుకుంటే సరి.

ఐదో స్లైడ్‌లో ఆరు కోరికలు ఉన్నాయి. ఈ పోస్టు ఎందుకు పెట్టారు? సరైన కొలతలు రావాలని. కాబట్టి చివరి స్లైడ్‌లో తొమ్మిది కొలతల పేర్లు వరసగా, ప్రతిదాని పక్కనా ఖాళీ గీత, కింద ‘దీన్ని స్క్రీన్‌షాట్ తీసి, నింపి, మాకు మెసేజ్ చేయండి’ అని ఒకే ఒక్క మాట. ఆఫరు ఇంకో పోస్టులో పెట్టుకోవచ్చు. ఇలా చేసినదాన్ని జనం దాచుకుంటారు, డాలస్‌లో ఉన్న చెల్లెలికి అక్క పంపిస్తుంది. పోస్టు గణాంకాల్లో లైకుల కన్నా ముందు ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది పంపించారు అన్న రెండు అంకెలు చూసుకుంటే కొలతల స్లైడ్ పనిచేసిందో లేదో తెలుస్తుంది. విప్పి కుట్టేవి తగ్గాయో లేదో మాత్రం ఏ అంకె చెప్పదు, అది కుట్టు మిషను దగ్గరే తెలియాలి.

ఇంతవరకూ చెప్పినదంతా పరిశీలన క్యారసెల్‌గా చేయాలనుకునేవాళ్లు కూడా సరిగ్గా ఇవే తప్పుల్లో పడుతుంటారు. అన్నిటికన్నా మామూలుగా కనబడేది ‘ముందు’, ‘తర్వాత’ రెండు స్లైడ్లనూ పక్కపక్కన ఒకే బొమ్మలో పెట్టడం. ఒక్కొక్కటీ సగం వెడల్పుకి కుంచించుకుపోతుంది, మనం కష్టపడి 48కి పెంచిన అక్షరం మళ్లీ 24 అవుతుంది. పెద్ద అక్షరాలు వాడమని చెప్పే స్లైడ్‌లోనే అక్షరాలు కనబడవు! తప్పుని ఒక స్లైడ్‌లో, సరిచేసినదాన్ని వెంటనే తర్వాతి స్లైడ్‌లో, రెండిట్లోనూ అన్నీ అదే చోట ఉండేలా పెట్టాలి. అప్పుడు వేలితో ఇటూ అటూ జరుపుతుంటే మారింది ఒక్కటే కంటికి తగులుతుంది. ఒకేసారి రంగూ, ఫాంటూ, మాటలూ మార్చేస్తే బాగుందని అందరూ అంటారు, దేని వల్ల బాగుందో ఎవరికీ తెలియదు. వరస దూరం గురించి చెబుతుంటే వరస దూరం మాత్రమే మార్చాలి, పసుపు మీది తెలుపు ఎంత చిరాకు పెట్టినా దాని వంతు వచ్చేదాకా అలాగే ఉంచాలి.

తప్పుకి ఎర్ర ఇంటూ, ఒప్పుకి పచ్చ టిక్కూ పెట్టేవాళ్లు పక్కన ‘ముందు’, ‘తర్వాత’ అన్న మాటలు కూడా రాయాలి. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లు మగవాళ్లలో కొందరికి ఉంటాయి. ఇక ఉదాహరణకి ఎవరో ఒకరి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి, పేరు మసకేసి వాడుకోవడం ఎక్కువైపోయింది. పేరు మసకేసినా ఆ షాపు రంగూ, ఆ పూల అంచూ చూసి వాళ్ల కస్టమర్లు గుర్తుపడతారు. అడిగి తీసుకోవాలి, లేదంటే కావాలనే తప్పులు పెట్టి మనమే ఒకటి తయారుచేసుకోవాలి. తయారుచేసుకోవడంలో ఒక సుఖం కూడా ఉంది. ఒక్కో స్లైడ్‌లో ఒక్కో తప్పే ఉండేలా అమర్చుకోవచ్చు, దొరికిన పోస్టులో అన్నీ ఒకేచోట కలగాపులగంగా ఉంటాయి.